బుక్ అయిన కోర్టు ఖాళీగా ఎందుకుంటుంది?

సాయంత్రం ఆరు గంటలు. బ్యాడ్మింటన్ క్లబ్బులోని నాలుగు కోర్టులూ బుక్ అయినట్టు గోడమీది తెర చూపిస్తోంది. మూడింటిలో ఆట సాగుతోంది. నాలుగో కోర్టులో దీపాలు వెలుగుతున్నాయి, నెట్ బిగించి ఉంది, మనుషులే లేరు. బయట బెంచీ మీద రాకెట్లు ఒళ్లో పెట్టుకుని నలుగురు కూర్చున్నారు. ఆరుంపావు దాటింది. లోపలికి వెళ్లి ఆడుకోవచ్చా, బుక్ చేసినవారు ఈలోగా వచ్చేస్తారా అన్నది వాళ్లకు తెలియదు, కౌంటర్‌లో ఉన్న ఉద్యోగికీ తెలియదు.

ఈ పరిస్థితికి క్లబ్బులు సాధారణంగా రెండు మందులు వేస్తాయి. రద్దీ వేళల్లో ఒక్కొక్కరు ఇన్ని బుకింగులే చేయాలని పరిమితి పెట్టడం ఒకటి. బుక్ చేసి మాటిమాటికీ రానివారిని శిక్షించడం రెండోది. చాలాచోట్ల ఈ రెండింటినీ వేర్వేరు సమావేశాల్లో, వేర్వేరు ఫిర్యాదుల మీద తీర్మానిస్తారు. అమలులోకి వచ్చాక మాత్రం అవి ఒకదానికొకటి అడ్డం పడతాయి. బెంచీ మీద కూర్చున్న ఆ నలుగురిలో ముగ్గురికి ఈ వారం కోటా అయిపోయి ఉండవచ్చు. అప్పుడు కోర్టు ఖాళీ అని తేలినా దాన్ని వాళ్లకు ఇవ్వడానికి నిబంధన ఒప్పుకోదు. ఖాళీని తగ్గించడానికి పెట్టిన పరిమితే ఖాళీని కాపలా కాస్తుంది.

కాబట్టి పరిమితిని ఎంత పెట్టాలన్న ప్రశ్న కంటే దాన్ని ఏ కొలతతో లెక్కించాలన్నది ముందు తేల్చుకోవాలి.

వారం లెక్కా, చేతిలో ఉన్న లెక్కా?

ఊహించుకోవడానికి ఒక క్లబ్బు: నాలుగు కోర్టులు, 200 మంది సభ్యులు. సాయంత్రం 5 నుంచి 9 వరకు రద్దీ వేళ, ఒక్కో స్లాటు గంట. అంటే రోజుకు 16 గంటలు, సోమవారం నుంచి శుక్రవారం వరకు 80 గంటలు. ఏడు రోజుల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు.

వెంటనే తోచే నిబంధన ‘వారానికి రెండు రద్దీ బుకింగులు’. రాయడం సులువు, చెప్పడం సులువు. కానీ ఇది క్లబ్బు కిటకిటలాడే వారంలోనూ, వానకో పరీక్షలకో సగం ఖాళీగా ఉండే వారంలోనూ ఒకేలా పనిచేస్తుంది. బుధవారానికే రెండు ఆటలు ఆడేసిన సభ్యుడు గురువారం సాయంత్రం మూడు కోర్టులు ఖాళీగా కనిపిస్తున్నా ఇంటికి వెళ్లాల్సిందే.

రెండో పద్ధతి ఇంకాస్త తెలివైనది: ఏ క్షణంలోనైనా ఒకరి చేతిలో ఇంకా ఆడని రద్దీ బుకింగులు రెండుకు మించకూడదు. ఆట అయిపోగానే ఆ చోటు ఖాళీ అవుతుంది, మరొకటి బుక్ చేసుకోవచ్చు. చదవగానే ఇది సడలింపులా అనిపిస్తుంది. రోజూ ఆడేవాడు రోజూ బుక్ చేసుకోడా అని కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. రద్దీ ఉన్నప్పుడు చేసుకోలేడు. గిరాకీ బాగా ఉంటే స్లాట్లు ఏడు రోజుల ముందు తెరవగానే అయిపోతాయి. అందువల్ల ప్రతి బుకింగూ ఏడు రోజుల పాటు చేతిలో ఉండిపోతుంది. చేతిలో రెండే ఉండవచ్చు, ఒక్కోటి ఏడు రోజులు ఉంటుంది కాబట్టి ఏడు రోజులకు దక్కేది రెండు ఆటలే. అదే క్లబ్బు ఖాళీగా ఉన్న వారంలో మధ్యాహ్నం మూడింటికి చూసి ఆరింటికి బుక్ చేస్తే ఆ బుకింగు చేతిలో ఉండేది నాలుగు గంటలే. అప్పుడు రోజూ ఆడినా పరిమితి అడ్డురాదు. ఒకే అంకె రద్దీలో బిగుసుకుని, తీరికలో తనంతట తాను వదులవుతుంది.

దీని వెనుక ఉన్న లెక్క క్యూల శాస్త్రంలో పేరున్నదే. చేతిలో ఉన్నవాటి సగటు, అవి వచ్చే వేగాన్ని ఒక్కోటి నిలిచే కాలంతో గుణించినంత ఉంటుందన్న ఈ సూత్రాన్ని జాన్ లిటిల్ 1961లో నిరూపించారు. బ్యాంకు వరుసకు ఎలా వర్తిస్తుందో ఆటస్థలానికీ అలాగే వర్తిస్తుంది.

పరిమితి ఎవరి పేరున?

పై క్లబ్బులో బుక్ చేసినవారి పేరునే లెక్కిస్తారనుకుందాం. వారానికి 80 గంటలు, ఒక్కొక్కరికి రెండు. అంటే కనీసం 40 మంది పేర్లు ఉండాలి, న్యాయంగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ డబుల్స్‌లో నలుగురు ఆడతారు. ఎప్పుడూ కలిసి ఆడే నలుగురు తలా రెండు బుక్ చేస్తే ఆ జట్టుకు వారానికి ఎనిమిది గంటలు. ఇలాంటి పది జట్లు ఉంటే చాలు, 80 గంటలూ ఆ 40 మందితోనే నిండిపోతాయి, మిగతా 160 మంది బెంచీ మీదే. ఎవరూ నిబంధన తప్పలేదు.

బుకింగులో ఉన్న ప్రతి ఆటగాడి పేరునా లెక్కిస్తే చిత్రం మారిపోతుంది. అన్నీ డబుల్సే అయితే 80 గంటల్లో 320 మందికి చోటు. తలా రెండు చొప్పున కనీసం 160 మంది వేర్వేరు మనుషులు ఆడితే తప్ప అది నిండదు. అన్నీ సింగిల్స్ అయితే కనీసం 80 మంది. పరిమితి అంకె అదే రెండు, ఆడేవారి సంఖ్య మాత్రం నాలుగింతలో, రెండింతలో అవుతుంది.

దీనికీ విరుగుడు కనిపెట్టేవారు ఉంటారు. ఎప్పుడూ ఆడని సభ్యుడి పేరు అరువు తెచ్చుకుని తమ కోటా మిగుల్చుకోవడం, ఇద్దరి పేర్లు రాసి నలుగురు ఆడటం వంటివి మొదటి నెలలోనే కనిపిస్తాయి. బుక్ చేసినవారు ఒక్కరే కాకుండా ఆడేవారంతా ఎవరికి వారు చెక్-ఇన్ చేస్తేనే ఈ రెండూ బయటపడతాయి. లోపల నలుగురు ఆడుతూ ఇద్దరి చెక్-ఇన్ మాత్రమే ఉంటే, తెర చూసిన ఎవరికైనా అర్థమవుతుంది.

రెండు ఫోన్లు, ఒక క్షణం

నిబంధన కాగితం మీద సరిగ్గా ఉన్నా ప్రోగ్రాములో జారిపోయే చోటు ఒకటుంది. ఒకే కోర్టును ఒకే గంటకు ఇద్దరికి ఇవ్వకూడదన్నది అందరికీ గుర్తుంటుంది. పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేసులో దానికి గట్టి తాళమే ఉంది:

```sql
CREATE EXTENSION btree_gist;
ALTER TABLE bookings ADD CONSTRAINT no_overlap
  EXCLUDE USING gist (court_id WITH =, during WITH &&)
  WHERE (status = 'active');
```

ఒకే కోర్టుకు, కాలం అతివ్యాప్తమయ్యే రెండు బుకింగులు వస్తే రెండోదాన్ని డేటాబేసే తిప్పికొడుతుంది. ఐదు నుంచి ఆరు, ఆరు నుంచి ఏడు అన్నవి ఢీకొనకుండా ఉండాలంటే కాలవ్యవధిని మొదటి క్షణం చేరి, చివరి క్షణం చేరనట్టు `[)` రూపంలో రాయాలి.

ఈ తాళం పరిమితిని కాపాడదు. ఒక సభ్యుడి చేతిలో ఒక బుకింగు ఉంది. స్లాట్లు తెరిచే క్షణంలో ఆయన ఫోనులో ఒకటి, కంప్యూటర్‌లో ఒకటి రెండు వేర్వేరు కోర్టులకు నొక్కారు. రెండు అభ్యర్థనలూ ఒకేసారి లెక్క చూసుకున్నాయి. రెండింటికీ ‘ఒకటే ఉంది, ఇంకొకటి ఇవ్వవచ్చు’ అన్న జవాబే వచ్చింది. రెండూ నమోదయ్యాయి, చేతిలో మూడయ్యాయి. కోర్టులు వేరు కనుక పై తాళానికి ఏ తప్పూ కనిపించలేదు. లెక్క చూసే ముందు సభ్యుల పట్టికలో ఆ సభ్యుడి వరుసను పట్టి ఉంచితే రెండో అభ్యర్థన మొదటిది ముగిసేవరకు ఆగుతుంది:

```sql
BEGIN;
SELECT id FROM members WHERE id = 417 FOR UPDATE;
SELECT count(*) FROM bookings
 WHERE member_id = 417 AND is_peak
   AND status = 'active' AND upper(during) > now();
-- 2 కంటే తక్కువైతేనే INSERT, లేకపోతే ROLLBACK
COMMIT;
```

ప్రతి ఆటగాడి పేరునా లెక్కించే క్లబ్బులో నలుగురి వరుసలనూ ఇలా పట్టుకోవాలి. ఎప్పుడూ సభ్యత్వ సంఖ్యల క్రమంలోనే పట్టుకోవాలి. లేకపోతే ఒక బుకింగు మొదటివాడిని పట్టుకుని రెండోవాడి కోసం, మరో బుకింగు రెండోవాడిని పట్టుకుని మొదటివాడి కోసం ఎదురుచూస్తూ రెండూ ఇరుక్కుపోతాయి. పరిమితి దాటనిచ్చే ఆ మొదటి లోపం పరీక్షల్లో సాధారణంగా దొరకదు. స్లాట్లు తెరిచే ఆ ఒక్క నిమిషంలోనే కనిపిస్తుంది. రెండు దాటిన సభ్యుల జాబితాను రోజూ ఒకసారి తీసి చూస్తే తెలిసిపోతుంది. అది ఎప్పుడూ ఖాళీగా ఉండాలి.

చెప్పడం చవకగా ఉండాలి

ఇక రానివారి సంగతి. తరచుగా కనిపించే నిబంధన ఇలా ఉంటుంది: 12 గంటల ముందు రద్దు చేస్తే ఏమీ లేదు, ఆ తర్వాత రద్దు చేసినా, అసలు రాకపోయినా ఒక పెనాల్టీ పాయింటు. వినడానికి కఠినంగా, న్యాయంగా ఉంది. మధ్యాహ్నం రెండింటికి జ్వరం వచ్చిన సభ్యుడి వైపు నుంచి చూస్తే దాని అసలు రూపం తెలుస్తుంది. రద్దు చేసినా పాయింటే, చేయకపోయినా పాయింటే. చేయకుండా ఊరుకుంటే జ్వరం తగ్గి వెళ్లే అవకాశమైనా మిగులుతుంది. కాబట్టి ఆయన ఊరుకుంటాడు. నాలుగు గంటల వ్యవధిలో మరొకరికి దక్కగలిగిన కోర్టు ఆరింటికి దీపాలతో, నెట్‌తో ఖాళీగా నిలుస్తుంది.

ఆట మొదలయ్యే నిమిషం వరకు, ప్రతి క్షణంలోనూ, చెప్పడం చెప్పకపోవడం కంటే చవకగా ఉండాలి. 12 గంటల లోపు రద్దుకు అర పాయింటు, చెప్పకుండా రాకపోతే ఒక పాయింటు అన్నది ఒక అమరిక. దానికి ఇంకొక వాక్యం కలపాలి: ఆలస్యంగా రద్దైన ఆ గంటలో వేరేవారు వచ్చి ఆడితే ఆ అర పాయింటు కూడా పడదు. క్లబ్బుకు నష్టం రద్దు వల్ల కాదు, కోర్టు ఖాళీగా ఉండటం వల్ల. ఈ వాక్యం ఉంటే రద్దు చేసే సభ్యుడు వీలైనంత ముందుగా చేస్తాడు. ఎంత ముందుగా వదిలితే ఇంకొకరు తీసుకునే అవకాశం అంత ఎక్కువ.

ఇక్కడే పరిమితి మళ్లీ అడ్డం వస్తుంది. ఆలస్యంగా వదిలిన గంటను తీసుకోవడానికి సిద్ధంగా ఉండేవారు చాలావరకు తరచూ ఆడేవారే, వారి చేతిలో రెండు బుకింగులు అప్పటికే ఉంటాయి. అందుకని ఆట మొదలవడానికి రెండు గంటల లోపు ఖాళీ అయినవాటిని పరిమితి లెక్కలోకి తీసుకోకూడదు. అయితే ఈ తలుపు తెరిస్తే ఒక కొత్త దారి కూడా తెరుచుకుంటుంది. ఒక మిత్రుడు బుక్ చేస్తాడు, నాలుగున్నరకు రద్దు చేస్తాడు, అదే క్షణంలో కోటా నిండిన మరో మిత్రుడు అందుకుంటాడు. ఇద్దరికీ లెక్కలో ఏమీ పడదు. వదిలిన గంటను బహిరంగంగా పెట్టేయకుండా వెయిటింగ్ లిస్టులో మొదట ఉన్నవారికి ముందు చూపించి, పది నిమిషాలు వారికే ఉంచితే ఈ చేతిమార్పిడి తెగిపోతుంది. లిస్టు ఖాళీగా ఉంటేనే అందరికీ. ఫోను తెరను క్షణక్షణం లాగుతూ కూర్చునేవారికి దక్కే అన్యాయమైన లాభం కూడా దీనితోనే పోతుంది.

శిక్ష డబ్బు రూపంలో ఉండాలా అన్నది మరో పాత చర్చ. ఆర్థికవేత్తలు ఉరీ గ్నీజీ, ఆల్డో రుస్టికీని 2000లో ప్రచురించిన ఒక ప్రయోగం దీనికి బాగా పనికివస్తుంది. ఇజ్రాయెల్‌లో హైఫా నగరంలోని పది శిశు సంరక్షణ కేంద్రాలలో ఆరింట, పిల్లలను ఆలస్యంగా తీసుకువెళ్లే తల్లిదండ్రులకు చిన్న జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గలేదు, పెరిగాయి. జరిమానా ఎత్తేశాక కూడా పాత స్థాయికి రాలేదు. అంతకుముందు మొహమాటంగా ఉన్న విషయం కాస్తా డబ్బిచ్చి కొనుక్కునే సేవగా మారిపోయింది. కోర్టు విషయంలోనూ చిన్న జరిమానా పెడితే, రాకుండా కోర్టును అట్టిపెట్టుకునే హక్కుకు ధర కట్టినట్టే, స్తోమత ఉన్నవారు కట్టేస్తారు. ముందుగా బుక్ చేసుకునే హక్కును కొన్నాళ్లు ఆపడం మేలు. దాన్ని డబ్బుతో కొనలేరు, పైగా శిక్ష నేరానికి సరిగ్గా అతుకుతుంది. అలాగని క్లబ్బులోకే రానివ్వకపోవడం అతి. ఖాళీ కోర్టు దొరికితే అప్పటికప్పుడు ఆడనివ్వాలి, ఖాళీలు నింపడమే కదా అసలు ఉద్దేశం.

ముప్పై మూడు రోజులు

నిబంధన ఇలా ఉందనుకుందాం: 30 రోజుల్లో మూడు పాయింట్లు చేరితే 14 రోజుల పాటు రద్దీ వేళలకు ముందస్తు బుకింగు లేదు. ఆట మొదలైన పది నిమిషాలకు చెక్-ఇన్ లేకపోతే గైర్హాజరు. ఒక సభ్యుడి లెక్క చూద్దాం.

మూడో రోజు, ఆరు గంటల ఆటకు రాలేదు. 6:10కి ఒక పాయింటు పడింది. పదకొండో రోజు మధ్యాహ్నం 3:40కి రద్దు చేశాడు. వెయిటింగ్ లిస్టులోని వారు తీసుకుని ఆడారు, పాయింటు లేదు. పందొమ్మిదో రోజు 5:20కి రద్దు చేశాడు. నలభై నిమిషాల్లో ఎవరూ దొరకలేదు, అర పాయింటు. ఇరవై ఏడో రోజు మళ్లీ రాలేదు, మొత్తం రెండున్నర. ముప్పై మూడో రోజు ఏడు గంటల ఆటకు రాలేదు.

7:10కి సభ్యుడి మొత్తం ఎంత? మూడో రోజు సాయంత్రం 6:10కి పడిన పాయింటు వయసు సరిగ్గా 30 రోజులు ఒక గంట. గంటల లెక్కన అది అప్పటికే చెల్లిపోయింది, మొత్తం రెండున్నర, శిక్ష లేదు. రోజుల లెక్కన ముప్పై మూడో రోజు ముగిసేవరకు అది సజీవమే, మొత్తం మూడున్నర, పద్నాలుగు రోజుల నిషేధం. నోటీసు బోర్డులో ‘30 రోజుల్లో’ అని మాత్రమే ఉంది. ప్రోగ్రాము రాసినవారు గంటల లెక్క పెట్టుకున్నారు, సభ్యుడు ఫోనులో చూసిన జాబితా తేదీలు మాత్రమే చూపించింది, కమిటీ రోజుల లెక్క అనుకుంటోంది. ఇలాంటి తగవులో ఎవరూ అబద్ధం చెప్పరు. ప్రతి పాయింటు పక్కన అది చెల్లిపోయే తేదీ, గంట కనిపించేలా చూపిస్తే ఈ తగవు పుట్టదు.

అసలు ‘నెలకు మూడు’ అని క్యాలెండర్ నెలతో లెక్కిస్తే ఇంకా విడ్డూరం. ముప్పయ్యో తేదీ, ముప్పై ఒకటో తేదీ, మర్నాడు ఒకటో తేదీ వరుసగా రాకపోయినవాడికి ఏమీ కాదు. ఒకటి, పదిహేను, ముప్పై తేదీల్లో రాలేకపోయినవాడు దొరికిపోతాడు.

చెక్-ఇన్ కూడా లెక్కకు వస్తుంది. ఫోనులో ఎక్కడ నుంచైనా నొక్కగలిగితే ఇంట్లో సోఫా మీద నుంచే నొక్కేస్తారు. కోర్టు తలుపు దగ్గర మారుతూ ఉండే కోడ్‌ను స్కాన్ చేయించడం సాధారణ పరిష్కారం. దానితో వచ్చే ఎదురుదెబ్బ, వచ్చి ఆడి స్కాన్ మరిచినవారు గైర్హాజరు జాబితాలో చేరడం. అలాంటివి ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి గైర్హాజరులను మనుషుల వారీగా కాక కోర్టుల వారీగా పరచి చూడాలి. నాలుగో కోర్టులో మాత్రమే లెక్క మిగతావాటికి రెండింతలు ఉంటే మనుషుల్లో కాదు, ఆ తలుపు దగ్గరి తెరలోనో వెలుతురులోనో లోపం ఉంది. క్లబ్బే కోర్టును మూసిన రోజుల్లోని పాయింట్లు ఎవరూ అడగకుండానే తొలగిపోవాలి. ఫిర్యాదు చేసినవారికే తొలగిస్తే, గట్టిగా అడిగేవారికి ఒక నిబంధన, నోరులేనివారికి ఇంకొకటి అయినట్టు.

నిషేధం పడినవాడి చేతిలో అప్పటికే ఉన్న రెండు బుకింగుల సంగతి చాలా నిబంధనలు మరిచిపోతాయి. ఉంచేస్తే పద్నాలుగు రోజుల శిక్షలో సగం గాలికి పోతుంది, ఎందుకంటే అవి వచ్చే ఏడు రోజుల్లోనివే. రద్దు చేస్తే ఏ పాపం ఎరుగని ముగ్గురు జోడీదారులు నష్టపోతారు. బుకింగును ఆ ముగ్గురిలో ఒప్పుకున్నవారి పేరుకు మార్చి, ఎవరూ ఒప్పుకోకపోతేనే వెయిటింగ్ లిస్టుకు వదలడం ఉన్నవాటిలో నొప్పి తక్కువ దారి.

ఇదంతా పనిచేస్తోందా అని చూడటానికి గైర్హాజరుల సంఖ్యను కొలుస్తారు. అది తగ్గితే సంతోషిస్తారు. కానీ గైర్హాజరులు నెలకు ఇరవై నుంచి ఐదుకు పడిపోయి, ఆట మొదలవడానికి ముందు పది నిమిషాల్లో జరిగే రద్దులు ఐదు నుంచి ఇరవైకి పెరిగితే కోర్టు పాత లెక్కలోనే ఖాళీగా ఉంది, చిట్టాలో పద్దు పేరు మాత్రం మారింది. కొలవాల్సింది రద్దీ వేళలో ఎవరూ ఆడని గంటలు. దానితో పాటు రద్దులు ఆటకు ఎన్ని నిమిషాల ముందు పడుతున్నాయో గంటల వారీగా గీసి చూడాలి. పన్నెండు గంటల గీతకు కాస్త ముందు ఒక గుట్ట కనిపిస్తే గడువు పనిచేస్తున్నట్టు. ఆట ఆరింటికైతే ఉదయం ఆరులోపు మనసు మార్చుకున్నవారు అందులో ఉంటారు. ఆరింటికి పది నిమిషాల ముందు ఇంకో గుట్ట లేస్తే, అర పాయింటును ఆఖరి గంటకు ముప్పావు చేయాల్సిన సమయం వచ్చింది. దాన్ని పూర్తి పాయింటు మాత్రం చేయకూడదు, ఎందుకంటే అప్పుడు జ్వరం వచ్చినవాడు మళ్లీ ఊరుకుంటాడు.